ప్రపంచ పటం గురించి వినకూడని సలహాలు

హైదరాబాద్ ధూల్‌పేటలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు నేను సాయంత్రాలు భూగోళ శాస్త్రం చెబుతుంటాను. అందరం ఏదో ఒక ఏడాది చూసే స్లైడు ఒకటుంది. తెర మీద నాలుగు ప్రపంచ పటాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి మెర్కేటర్, ఒకటి పీటర్స్, ఒకటి రాబిన్సన్, నాలుగోది ఉత్తర ధ్రువాన్ని మధ్యలో పెట్టిన గుండ్రటి పటం. నాలుగింటిలోనూ అవే దేశాలు, అవే సముద్రాలు. గ్రీన్‌లాండ్ మాత్రం ఒకదాంట్లో ఆఫ్రికా అంత, ఇంకోదాంట్లో నలిగిన గుడ్డముక్కలా కనిపిస్తుంది. ఈ స్లైడు ఎదుట పిల్లలకు అందే సలహాలు చాలావరకు తప్పుదారి పట్టించేవే. వాటిని ఇక్కడ ఒక్కొక్కటిగా తీసుకుంటాను. ఏది ఎందుకు వినకూడదో తెలిస్తే పటం ఎందుకు వంకరపోతుందో కూడా తెలిసిపోతుంది.

మొదటి సలహా అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది: “పాతకాలం వాళ్లకు సాధనాలు లేక తప్పుగా గీశారు. ఇప్పుడు ఉపగ్రహాలున్నాయి కాబట్టి సరైన పటం వచ్చేసింది. అదొక్కటే చదువుకో, మిగతావి వదిలెయ్.”

ఇది వినకండి. ఉపగ్రహం ప్రతి ఊరి అక్షాంశం, రేఖాంశం ఎంతో కచ్చితంగా చెబుతుంది. ఆ గుండ్రటి ఉపరితలాన్ని బల్లపరుపు కాగితం మీదికి తేవడం వేరే పని. అక్కడ వచ్చే వంకరకు కారణం కొలతలో పొరపాటు కాదు, గోళానికీ కాగితానికీ ఉన్న తేడా. ఇది ధూల్‌పేట వాళ్ల చేతికి తెలిసిన విషయమే. ఇక్కడ ఒక గల్లీలో పతంగులు చేస్తారు, పక్క గల్లీలో వినాయకుడి విగ్రహాలు చేస్తారు. పతంగి కాగితాన్ని గణపతి బొజ్జ మీద అతికించి చూడండి. మధ్యలో అతుక్కుంటుంది, అంచుల్లో ముడతలు పడుతుంది. ముడతలు లేకుండా లాగితే చిరుగుతుంది. ఎంత నేర్పున్న చేతికైనా అంతే.

దీన్ని అంకెల్లోనూ చూడొచ్చు. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా భూమి మీద నడిచే దూరం సుమారు 10,000 కి.మీ. భూమధ్యరేఖ చుట్టుకొలత సుమారు 40,000 కి.మీ. అంటే ధ్రువం చుట్టూ 10,000 కి.మీ. వ్యాసార్ధంతో గీసిన వలయం పొడవు 40,000. అదే వ్యాసార్ధంతో కాగితం మీద వృత్తం గీస్తే దాని చుట్టుకొలత సుమారు 62,800 కి.మీ. రావాలి. స్లైడులోని గుండ్రటి పటం చేసింది సరిగ్గా ఇదే. ధ్రువం నుంచి దూరాలన్నీ నిజంగానే ఉంచింది, అందుకు బదులుగా భూమధ్యరేఖను ఒకటిన్నర రెట్ల పైన సాగదీసింది. ఆ 22,800 కి.మీ. ఎక్కడో ఒకచోట దూర్చక తప్పదు. వంగిన ఉపరితలాన్ని దూరాలు ఏవీ మారకుండా చదును చేయడం కుదరదని గౌస్ 1827లో గణితంతో నిరూపించాడు. కాబట్టి సరైన పటం కోసం ఎదురుచూడమనే సలహాకు అర్థమే లేదు.

రెండో సలహా: “ప్రొజెక్షన్ల పేర్లు, గుణాలు పట్టికలా బట్టీ పట్టు. మెర్కేటర్ ఆకారం, పీటర్స్ వైశాల్యం. అంతే.”

పరీక్షలో ఒక మార్కు రావచ్చు. కానీ పేరు రాయని పటం ఎదురైతే ఈ పట్టిక పనికిరాదు. దీనికంటే సులువైన దారి ఉంది. ఒక బంతి తీసుకోండి. దాని నడుము చుట్టుకొలత 60 సెం.మీ. అనుకుందాం. నడుము భూమధ్యరేఖ, పైన ధ్రువం. నడుము నుంచి ధ్రువం దాకా ఉపరితలం మీద 15 సెం.మీ. 60 డిగ్రీల అక్షాంశం నడుముకు 10 సెం.మీ. పైన వస్తుంది. అక్కడ దారం చుట్టి కొలవండి, సరిగ్గా 30 సెం.మీ. వస్తుంది. పైకి వెళ్లేకొద్దీ వలయాలు చిన్నవవుతాయి, ధ్రువం దగ్గర సున్నా అవుతాయి.

ఇప్పుడు ఈ బంతి మీది లోకాన్ని 60 సెం.మీ. వెడల్పున్న దీర్ఘచతురస్రపు కాగితం మీదికి తేవాలి. భూమధ్యరేఖ 60 సెం.మీ. సరిగ్గా సరిపోతుంది. 60 డిగ్రీల అక్షాంశం నిజానికి 30 సెం.మీ.యే. కానీ కాగితం అక్కడా 60 సెం.మీ. ఉంది. కాబట్టి తూర్పు పడమరలుగా అక్కడ ప్రతి దేశమూ రెండింతలు సాగింది. దీర్ఘచతురస్రపు పటాలన్నిటికీ ఇది ఉమ్మడి శిక్ష. ఇందులో ఎవరికీ ఎంపిక లేదు. ఎంపిక ఉన్నది ఉత్తర దక్షిణాల్లోనే, అక్కడే పటాలు విడిపోతాయి.

పటం గీసే ఒకాయన ఉత్తర దక్షిణ దూరాలను ముట్టుకోడు. 60 డిగ్రీల గీత నడుముకు 10 సెం.మీ. పైనే పడుతుంది. అక్షాంశాల మధ్య ఎడం అంతటా సమానం. ఉత్తర దక్షిణ దూరం నిజంగా మిగులుతుంది, ఆకారం మాత్రం అడ్డంగా బలుస్తుంది.

రెండో ఆయన ఆకారం చెడకూడదు అంటాడు. అడ్డంగా రెండింతలు సాగినచోట నిలువుగానూ రెండింతలు సాగదీస్తాడు. చిన్న వృత్తం వృత్తంగానే మిగులుతుంది, పరిమాణం పెరుగుతుంది. అలా నడుము నుంచి క్రమంగా సాగదీస్తూ వెళ్తే 60 డిగ్రీల గీత 10 సెం.మీ. దగ్గర కాకుండా సుమారు 12.6 సెం.మీ. దగ్గర పడుతుంది. ధ్రువం దగ్గర సాగుడుకు అంతే ఉండదు కాబట్టి ధ్రువం కాగితం మీదికి ఎప్పటికీ రాదు. ఇది మెర్కేటర్ 1569లో గీసిన పటం. ఈ రోజు ఫోన్లలో, కంప్యూటర్లలో కనిపించే పటాలు చాలావరకు దీని బిడ్డలే. అవి దాదాపు 85 డిగ్రీల దగ్గర కత్తిరించి ఆపుతాయి.

మూడో ఆయనకు వైశాల్యం ముఖ్యం. అడ్డంగా రెండింతలైనచోట నిలువుగా సగానికి నొక్కేస్తాడు. 60 డిగ్రీల గీత సుమారు 8.3 సెం.మీ. దగ్గర పడుతుంది, ధ్రువం 9.5 దగ్గరే అయిపోతుంది. ఇది లాంబర్ట్ 1772లో ఇచ్చిన పద్ధతి. ఈ పటాన్ని మొత్తంగా నిలువున రెండింతలు లాగితే స్లైడులోని పీటర్స్ పటం వస్తుంది.

పేరు లేని దీర్ఘచతురస్రపు పటం చేతికిస్తే ఇక చేయాల్సింది ఇదే. భూమధ్యరేఖ దగ్గర రెండు అక్షాంశ గీతల మధ్య ఎడం చూడండి. 60 డిగ్రీల దగ్గర అంతే డిగ్రీల ఎడం చూడండి. పైన ఎడం రెండింతలైతే ఆకారం నిలిపిన పటం. సగమైతే వైశాల్యం నిలిపిన పటం. సమానంగా ఉంటే ఉత్తర దక్షిణ దూరం నిలిపింది. బట్టీతో పనే లేదు.

మూడో సలహా చదువుకున్నవాళ్ల నోట ఎక్కువగా వస్తుంది: “మెర్కేటర్ పటం తెల్లవాళ్ల మోసం. వాళ్ల దేశాలు పెద్దవిగా చూపించుకున్నారు. పీటర్స్ పటమే నిజం.”

ఇందులో బాధకు కారణం నిజమైనదే. గ్రీన్‌లాండ్ వైశాల్యం సుమారు 21.7 లక్షల చదరపు కి.మీ., భారతదేశానిది 32.9 లక్షలు. అంటే గ్రీన్‌లాండ్ మన దేశంలో మూడింట రెండు వంతులు. మెర్కేటర్ పటంలో మాత్రం అది మనకంటే ఎన్నో రెట్లు పెద్దగా కనిపిస్తుంది. 72 డిగ్రీల అక్షాంశం దగ్గర పొడవులు మూడు రెట్లకు పైగా సాగుతాయి, దాంతో వైశాల్యం పదింతలు దాటుతుంది. గ్రీన్‌లాండ్ మధ్యభాగం ఉన్నది అక్కడే. నిజంలో దానికి 14 రెట్లున్న ఆఫ్రికా ఆ పటంలో దానికి సమానంగా కనిపిస్తుంది. బడి గోడ మీద ఏళ్ల తరబడి ఇదొక్కటే వేలాడితే పిల్లల మనసులో లోకం అలాగే ముద్రపడుతుంది. ఆ అలవాటు మానాల్సిందే.

అయితే మెర్కేటర్ ఈ పటం గీసింది ఓడ నడిపేవాళ్ల కోసం. అందులో కోణాలు చెడవు కాబట్టి రెండు రేవుల మధ్య స్కేలు పెట్టి గీత గీసి, ఆ గీత ఉత్తరంతో చేసే కోణం కొలిస్తే చాలు. దిక్సూచిని దారి పొడవునా ఆ కోణం మీదే పట్టుకుంటే ఓడ రేవు చేరుతుంది. ఆ పనికి అది నేటికీ తగిన పటమే.

ఇక పీటర్స్ పటం. అర్నో పీటర్స్ 1973లో దీన్ని కొత్తదిగా ప్రకటించాడు కానీ, జేమ్స్ గాల్ అనే స్కాట్లాండ్ మతాచార్యుడు 1855లోనే ఇలాంటిది చూపించాడు. అందులో వైశాల్యాలు నిజం. ఆకారాలు మాత్రం 45 డిగ్రీల అక్షాంశాల దగ్గరే సరిగ్గా ఉంటాయి. మన ధూల్‌పేట ఉన్నది సుమారు 17.4 డిగ్రీల దగ్గర. అక్కడ లెక్క వేస్తే తూర్పు పడమరలు 0.74 వంతుకు కుదించుకుపోతాయి, ఉత్తర దక్షిణాలు 1.35 రెట్లు సాగుతాయి. రెండూ గుణిస్తే 1 వస్తుంది, అందుకే వైశాల్యం నిలిచింది. కానీ ధూల్‌పేట చుట్టూ గీసిన గుండ్రటి వలయం ఆ పటంలో వెడల్పుకు 1.8 రెట్ల ఎత్తున్న కోడిగుడ్డులా తయారవుతుంది. తెలంగాణ అంతా నిలువుగా సాగిపోయి కనిపిస్తుంది. అదే మెర్కేటర్‌లో మన దగ్గర వృత్తం వృత్తంగానే ఉండి, దాని వ్యాసం సుమారు 5 శాతం పెరుగుతుంది. దీన్ని బట్టి మెర్కేటర్ మేలని అనకండి. నష్టం ఒకచోట తగ్గించుకుంటే ఇంకోచోట పెరుగుతుంది. ఒకదాన్ని నిజమనీ ఇంకోదాన్ని అబద్ధమనీ పిల్లల చేత రాయించకండి.

ఇక్కడే ఎవరో ఒకరు మధ్యేమార్గం చెబుతారు: “అయితే రాబిన్సన్ వాడు, అన్నీ కొంచెం కొంచెం సరిపోతాయి.” ఆర్థర్ రాబిన్సన్ 1963లో కంటికి నచ్చేలా సరిచూసుకుంటూ కట్టిన పటం అది. నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ 1988 నుంచి పదేళ్లు తన ప్రపంచ పటానికి దాన్నే వాడింది. గోడకు వేలాడదీయడానికి నా ఓటూ అలాంటి పటానికే. కానీ అది ఆకారాన్నిగానీ, వైశాల్యాన్నిగానీ, దూరాన్నిగానీ కచ్చితంగా కాపాడదు. దాని మీద ఏదీ కొలవకండి.

నాలుగో సలహా ఇంకా ప్రమాదకరం: “రెండు ఊళ్ల మధ్య దూరం కావాలా? స్కేలు పెట్టి గీత గీయి, కింద ఇచ్చిన కొలబద్దతో గుణించు. తిన్నని గీతే దగ్గరి దారి.”

హైదరాబాద్ నుంచి చికాగోకు పిల్లలను పంపిన ఇళ్లు మన ఊళ్లో కొల్లలు. శంషాబాద్ నుంచి చికాగోకు ఈ సలహా ప్రకారం గీత గీసి చూద్దాం. మెర్కేటర్ పటం మీద గీత పడమరకు పోతుంది, ఉత్తరానికి పది డిగ్రీలే వాలుతుంది. అరేబియా సముద్రం, సౌదీ, ఈజిప్టు, అల్జీరియా, మొరాకో మీదుగా అట్లాంటిక్ దాటుతుంది. ఈ దారి పొడవు లెక్క కడితే సుమారు 16,100 కి.మీ. పటం కింది కొలబద్దను నమ్మితే ఇదీ రాదు, ఎందుకంటే ఆ పటంలో కొలబద్ద ఒక్కో అక్షాంశానికి ఒక్కోలా మారుతుంది. దేశం లోపల కూడా ఈ తేడా తెలుస్తుంది. అదే జూమ్‌లో ఫోన్ పటాన్ని కన్యాకుమారి నుంచి శ్రీనగర్‌కు జరపండి. మూలనున్న కొలబద్ద మారడం కనిపిస్తుంది. శ్రీనగర్ దగ్గర పొడవులు భూమధ్యరేఖతో పోలిస్తే సుమారు 20 శాతం సాగి ఉంటాయి, కన్యాకుమారి దగ్గర ఒక శాతమే.

ఇప్పుడు గ్లోబు తీసుకుని హైదరాబాద్ మీద, చికాగో మీద దారం కొసలు పెట్టి బిగించండి. దారం పడమరకు పోదు. దాదాపు నేరుగా ఉత్తరానికి, పన్నెండు డిగ్రీలు మాత్రమే పడమరకు వాలి లేస్తుంది. కజకిస్తాన్, రష్యా దాటి 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి, గ్రీన్‌లాండ్ మీదుగా కెనడాలోకి, అక్కడి నుంచి చికాగోకు దిగుతుంది. పొడవు సుమారు 13,300 కి.మీ. తిన్నని గీత కంటే 2,800 కి.మీ. తక్కువ. గాలులను, గగనతల అనుమతులను బట్టి విమానం దారి మారుతూనే ఉంటుంది, కానీ దగ్గరి దారి మాత్రం ఇదే. మెర్కేటర్ పటంలో ఈ దారి పైకి ఎగబాకి దిగిన పెద్ద విల్లులా కనిపిస్తుంది. దాన్ని చూసి విమానం చుట్టు తిరిగి వెళ్తోందని పెద్దవాళ్లు బాధపడతారు. చుట్టు తిరిగింది పటమే.

హైదరాబాద్‌నే మధ్యలో పెట్టి, అక్కడి నుంచి దూరాలు నిలిపే గుండ్రటి పటం గీయొచ్చు. అందులో చికాగోకు తిన్నని గీత గీస్తే నిజమైన దారీ వస్తుంది, 13,300 కి.మీ.లూ వస్తాయి. వెంటనే ఇంకో సలహా పుడుతుంది: “దూరాలకు ఈ పటం వాడేయ్.” అదీ వినకండి. దూరాలు నిజమయ్యేది హైదరాబాద్ నుంచి మాత్రమే. చికాగో నుంచి న్యూయార్క్‌కు నిజానికి సుమారు 1,150 కి.మీ. ఆ పటంలో కొలిస్తే అది రెండింతలు దాటిపోతుంది, ఎందుకంటే మధ్యబిందువు నుంచి అంత దూరం వచ్చేసరికి అడ్డం కొలతలు దాదాపు 2.4 రెట్లు సాగి ఉంటాయి. ఇంకా బయటికి పోతే, మనకు సరిగ్గా భూమికి అవతలి వైపున పసిఫిక్ సముద్రంలో ఉన్న ఒక్క బిందువు పటం అంచు మొత్తం వలయంగా పరుచుకుంటుంది.

చివరి సలహా సర్వే పనుల్లో ఉన్నవాళ్ల దగ్గర విన్నాను: “ఇవన్నీ ప్రపంచ పటాల బాధలు. మన బస్తీ అంత చిన్న పటానికి వంకర ఉండదు.”

చిన్న పటంలో వంకర చిన్నదవుతుంది. లేకుండా పోదు. 2005 జాతీయ పటాల విధానం తర్వాత సర్వే ఆఫ్ ఇండియా ప్రజలకిచ్చే పటాలు యూటీఎం అనే ప్రొజెక్షన్‌లో ఉంటాయి. భూమిని ఆరేసి డిగ్రీల నిలువు పట్టీలుగా కోసి, ప్రతి పట్టీకీ విడిగా పటం కడతారు. హైదరాబాద్ 44వ పట్టీలో, అంటే 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య ఉంది. ఆ పట్టీ మధ్యగీత 81 డిగ్రీలు. మధ్యగీత మీద కావాలనే పొడవులను 0.9996 వంతుకు తగ్గించి, అంచుల్లో కొంచెం పెరగనిస్తారు. అలా చేస్తే పట్టీ అంతటా నష్టం పంచుకున్నట్టవుతుంది. ధూల్‌పేట 78.46 డిగ్రీల దగ్గర, దాదాపు పడమటి అంచున ఉంది. లెక్క కడితే ఇక్కడ పటం మీది పొడవు నేల మీది పొడవు కంటే సుమారు 1.0005 రెట్లు. కిలోమీటరుకు అరమీటరు తేడా. ఐదు కిలోమీటర్ల రోడ్డుకు రెండున్నర మీటర్లు. వీధి వెతుక్కునేవాడికి ఇది లెక్కలోకి రాదు. టోటల్ స్టేషన్‌తో నేల మీద కొలిచి, పటం అంకెలతో సరిచూసే ఇంజనీరుకు మాత్రం వస్తుంది. స్కేల్ ఫ్యాక్టర్ వేయకపోతే రెండు కొలతలు కలవవు, తప్పు పరికరానిదనుకుని రోజంతా వెతుకుతారు.

పడమరకు ఇంకో యాభై కి.మీ. పోతే 78 డిగ్రీల గీత వచ్చి పట్టీ మారిపోతుంది. జహీరాబాద్ 43వ పట్టీలో ఉంటుంది. ఆ గీత మీది ఒకే చోటుకు 44వ పట్టీలో తూర్పు అంకె సుమారు 1,81,000, 43వ పట్టీలో సుమారు 8,19,000. హైదరాబాద్ నుంచి జహీరాబాద్ దాకా సాగే పనిలో పట్టీ నంబరు రాయకుండా అంకెలు మాత్రం పంపితే, పటం మీద జహీరాబాద్ వందల కి.మీ. దూరానికి ఎగిరిపోతుంది. అలా ఎగిరిందంటే మొదట పట్టీ నంబరు చూడండి.

పాఠం చెప్పే తోటివాళ్లను ఒకటి అడుగుతాను. ఈ స్లైడు చూపించేటప్పుడు ప్రతి పటం కింద ప్రొజెక్షన్ పేరు, అది దేన్ని నిలిపిందో, దేన్ని వదులుకుందో ఒక్క వరుసలో రాయండి. ఫ్రెంచి గణితవేత్త టిస్సో చూపినట్టు భూమి మీద ఒకే కొలత గల చిన్న వృత్తాలను నాలుగు పటాల్లోనూ గీయండి. ఏ పటంలో వృత్తం పెరిగిందో, ఎక్కడ నలిగిందో పిల్లలు తామే చూసి చెబుతారు. తరగతికి ఒక గ్లోబు, మూరెడు దారం కూడా పట్టుకెళ్లండి. చికాగో దారి ఉత్తరానికి ఎందుకు లేస్తుందో స్లైడు చూపించలేదు, ఆ దారం చూపిస్తుంది.